రొయ్యల గుంట, ఉప్పు బావి, 20 మార్కులు

ప్రశ్న: నమస్తే సార్. కావలి దగ్గర హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను, ఇది రెండో సంవత్సరం. సెలవుల్లో తొమ్మిదో తరగతి పిల్లలు 38 మంది వ్యాసం రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. దేనికెన్ని మార్కులో చెప్పే 20 మార్కుల రూబ్రిక్ ఉంది. దాన్ని పెట్టుకుని దిద్దినా అందరికీ 11 నుంచి 14 మధ్యలోనే పడుతున్నాయి. నిర్మాణం మీద, వాదన మీద ఏం రాయాలో తోచడం లేదు, ‘ఇంకా బాగా రాయాలి’ అనే రాస్తున్నాను. అసలు ఫోటోలో చూసి దిద్దడం న్యాయమేనా?

సమాధానం:

అమ్మా, చివర అడిగినదానికి ముందు చెబుతాను. ఫోటో చూసి దిద్దడం న్యాయమే, కానీ ఫోటోకు మార్కులు వేయకూడదు. మనకు తెలియకుండా మనం చేసేది అదే. సగం పేజీ మీద ఫోను నీడ, వాలిపోయిన వరుసలు, వెనకపేజీ ఇంకు ఇవతలికి కనబడటం, ఇవన్నీ చూసేసరికి కన్ను అలిసిపోతుంది. ఆ చిరాకు పిల్లవాడి వాదన ఖాతాలో పడుతుంది. చేతిరాత బాగుంటే అదే వ్యాసానికి మార్కు పెరుగుతుందని పరిశోధకులు చాలా ఏళ్ల నుంచి చెబుతూనే ఉన్నారు. ఫోటోలో ఆ తేడా రెండింతలవుతుందని నా అనుభవం.

నేను కందుకూరులో ఉన్నప్పుడు, లాక్‌డౌన్ ఏడాది ఒకమ్మాయి వ్యాసం మూడు ఫోటోలుగా వచ్చింది. సిగ్నల్ తిప్పలో ఏమో, రెండో పేజీ ముందు చేరింది, మొదటి పేజీ చివర చేరింది. నేను వచ్చిన వరుసలోనే చదివాను. ‘ఉపోద్ఘాతం లేదు, ముగింపు అర్ధంతరంగా ఉంది’ అని రాసి నిర్మాణంలో మూడు మార్కులు కోశాను. ఆ పిల్ల నోరెత్తలేదు. బడులు తెరిచాక నోటుబుక్కు దిద్దుతుంటే అదే వ్యాసం కనబడింది. ఉపోద్ఘాతం నిక్షేపంలా ఉంది. నేను ముగింపు అనుకున్నది ఆ ఉపోద్ఘాతాన్నే.

ఆ తర్వాత నుంచి పిల్లలకు నాలుగు మాటలు ముందే చెబుతున్నాను. ప్రతి పేజీ కుడివైపు పైన 1/3, 2/3, 3/3 అని వేయమంటాను. పగటిపూట వాకిట్లో, పేజీ నాలుగు మూలలూ కనబడేలా, ఫోను పేజీకి సమానంగా పట్టి తీయమంటాను. ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమంటాను, మామూలుగా పంపితే వాట్సాప్ బొమ్మను కుదించేస్తుంది. స్కానింగ్ యాప్‌లో నలుపు తెలుపు ఫిల్టరు వాడొద్దంటాను, ఎందుకంటే అది పెన్సిలు గీతల్ని, లేత ఇంకుతో పెట్టిన సున్నాల్ని, వరుస కిందికి వేలాడే ఒత్తుల్ని మరక అనుకుని తుడిచేస్తుంది. ఇంగ్లీషు వ్యాసానికి ఇది పెద్ద నష్టం కాకపోవచ్చు. తెలుగులో ఒక ఒత్తు పోతే మాటే వేరవుతుంది.

ఇక మీ దగ్గరున్న ఫోటోలు. దిద్దబోయే ముందు ఒక్కోదాన్నీ ఒకసారి పూర్తిగా, పెన్ను పక్కన పెట్టి, పైకి చదవండి. తడుముకోకుండా చదవగలిగితే అలాగే దిద్దేయొచ్చు. తడుముకునేవి ఆరో ఏడో ఉంటాయి, వాటిని మాత్రం టైపు చేసుకోండి, లేదా కాగితం మీద మీ చేత్తో ఎత్తి రాసుకోండి. ఎత్తి రాసేటప్పుడు పిల్లవాడి తప్పు తప్పుగానే ఉండాలి, మీ చెయ్యి దాన్ని సరిచేయకూడదు. కొట్టేసింది లేనట్టే లెక్క. హంసపాదు పెట్టి పైన రాసిందో, బాణం గీసి మార్జిన్‌లో రాసిందో ఎక్కడికి చెందుతుందో అక్కడ చేర్చండి. చదవలేని మాట దగ్గర ప్రశ్నార్థకం వేసి ఆ పిల్లవాణ్నే అడగండి. ఊహించి పూరించకండి, మంచి పిల్లవాడైతే మంచి మాట ఊహిస్తాం, అల్లరివాడైతే చెత్త మాట ఊహిస్తాం.

ఇందులోనూ ఒక చిక్కు ఉంది. అదే వ్యాసం అచ్చక్షరాల్లో చూస్తే చేతిరాతలో చూసినదానికన్నా మార్కు కాస్త తగ్గుతుందని కూడా పరిశోధనల్లో తేలింది. తప్పులు కొట్టొచ్చినట్టు కనబడతాయి, పైగా అచ్చులో పేజీ చిన్నదైపోయి ‘ఇంతేనా’ అనిపిస్తుంది. అందుకని నేను వాదన, నిర్మాణం ఎత్తి రాసిన ప్రతిలో చూస్తాను. భాష మార్కు మాత్రం ఫోటోలోనే చూసి వేస్తాను, మిగతా ముప్పై మందికీ అలాగే వేస్తున్నాను గనక.

ఇప్పుడు అందరికీ 11 నుంచి 14 ఎందుకు పడుతున్నాయో చూద్దాం. మీ రూబ్రిక్ నేను చూడలేదు గానీ, ‘వాదన చాలా చక్కగా ఉంది, బాగుంది, ఓ మోస్తరుగా ఉంది, బాగాలేదు’ అని నాలుగు మెట్లు ఉండి ఉంటాయని పందెం కాస్తాను. అది రూబ్రిక్ కాదు, మన మనసులోని అనుమానానికి గడులు గీయడం. ఎటూ తేల్చుకోలేని చెయ్యి మధ్యగడికే పోతుంది. మెట్టు అంటే వేలు పెట్టి చూపించగలిగేదై ఉండాలి. నా వాదన వరుస ఆరు మార్కులకు ఇలా ఉంటుంది. రాసినవాడు ఏ పక్షమో ఒక్క వాక్యంలో చూపించగలిగి, కనీసం రెండు కారణాలు ఆ పక్షాన్నే మోస్తుంటే, ఎదుటి పక్షం మాట ఒకటి ఎత్తి దానికి జవాబు కూడా చెప్పి ఉంటే ఆరు. పక్షం, కారణాలు ఉండి, ఎదుటి మాట ఎత్తకపోయినా, ఎత్తి గాలికొదిలేసినా నాలుగో అయిదో. పక్షం వెతుక్కోవాల్సి వస్తే, లేదా మధ్యలో మారిపోతే, కారణం మాత్రం ఒకటైనా ఉంటే రెండో మూడో. అంశం గురించి సమాచారమే తప్ప పక్షమే లేకపోతే ఒకటి లేదా సున్నా. మిగిలినవి ఆధారాలకు అయిదు, నిర్మాణానికి అయిదు, భాషకు నాలుగు.

ఇంకొకటి, 38 వ్యాసాలకూ ముందు వాదన ఒక్కటే దిద్దండి. అది అయ్యాక మళ్లీ మొదటికొచ్చి ఆధారాలు. ఒక పిల్లవాడికి నాలుగూ ఒకేసారి వేస్తే మొదటి మార్కు మిగతా మూడింటినీ తనవైపు లాగేస్తుంది. ఫైళ్లకు పేర్లు తీసేసి 01, 02 అని అంకెలు పెట్టుకుంటే ఇంకా మంచిది. అన్నీ అయ్యాక మొదటి అయిదూ మళ్లీ దిద్దండి. మొదట్లో చెయ్యి బిగువుగా ఉంటుంది, పోను పోను సడలుతుంది. స్పాట్ వాల్యుయేషన్‌లో మన పేపర్లు కొన్ని చీఫ్ ఎగ్జామినర్ మళ్లీ చూసేది ఇందుకే. ఇంటిదగ్గర మనకు మనమే చీఫ్.

మాటల్లో చెబితే ఎక్కదు, ఒక వ్యాసం చూపిస్తాను. పిల్లవాడి పేరు, ఊరు తీసేశాను, నెల్లూరు జిల్లా తీరంలో ఒక పల్లె అనుకోండి. అంశం: ‘మన తీరంలో రొయ్యల సాగు పెరగాలా, తగ్గాలా? నీ అభిప్రాయం కారణాలతో రాయి.’ రెండు ఫోటోలు, నాలుగు పేరాలు. సంగతి చెడకుండా కాస్త కుదించి ఇస్తున్నాను.

మొదటి పేరా: “మన దేశం వ్యవసాయ దేశం. రైతు దేశానికి వెన్నెముక. మన జిల్లాలో వరి, రొయ్యలు ఎక్కువ. రొయ్యల సాగు వల్ల లాభాలు ఉన్నాయి, నష్టాలు ఉన్నాయి.”

రెండో పేరా: “రొయ్యల గుంటల వల్ల చాలా మందికి పని దొరికింది. మా నాయన గుంట మీద కాపలా ఉంటాడు. రాత్రి ఏరియేటర్లు ఆగిపోతే లేచి చూడాలి. నెల నెలా జీతం వస్తుంది. కాబట్టి రొయ్యల సాగు మంచిది.”

మూడో పేరా: “మా పెదనాయన బావి నీళ్లు ముందు తియ్యగా ఉండేవి. పక్క కయ్యలో గుంట తవ్విన తర్వాత ఉప్పగా అయినాయి. ఇప్పుడు ఆ నీళ్లు పంటకు పనికిరావు. మా పెద్దమ్మ నీళ్ల డబ్బాలు కొంటుంది. కాబట్టి రొయ్యల సాగు తగ్గాలి.”

నాలుగో పేరా: “కాబట్టి ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి. మనందరం పర్యావరణాన్ని కాపాడుకోవాలి.”

రాత కోడి గెలికినట్టుంది. రెండో ఫోటో సగం చీకటి. తొలిచూపుకు నాకు తోచిన మార్కు 9, దాన్ని ఒక మూల రాసిపెట్టుకున్నాను. అది మీరూ చేయండి, తర్వాత రూబ్రిక్ మార్కు పక్కన పెట్టి చూస్తే మీ కన్ను ఎటు మొగ్గుతోందో తెలుస్తుంది.

మార్కులు వేయడానికి ముందు నేను ఒక్కో పేరాకు ఒక్క వాక్యం రాసుకుంటాను. ఆ పేరా దేని గురించి అని కాదు, అది ఏం పని చేస్తోంది అని. దీనికి ఇలా వచ్చింది: ఏ పక్షమో చెప్పకుండా తలుపు తీసింది. సాగు మంచిది, కూలి దొరుకుతుంది. సాగు చెడ్డది, బావి ఉప్పయింది. ఎవరో ఏదో చేయాలి. ఈ నాలుగు వాక్యాలూ వరుసగా చదవండి. లోపం ఇక దాక్కోలేదు. రెండో పేరా, మూడో పేరా ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి, వాటి మధ్య ఒక్క మాట కూడా నడవలేదు. రెండింటినీ తారుమారు చేసినా వ్యాసానికి ఏమీ కాదు. పేరాలు అటూ ఇటూ మార్చినా తేడా రాలేదంటే అక్కడ వరుస ఉందే గానీ నిర్మాణం లేదన్నమాట.

ఇంకో చిన్న పరీక్ష ‘కాబట్టి’. మన పిల్లలు ‘కాబట్టి’ని పేరా చివర పెట్టే ముగ్గులా వాడతారు. ఒక్కో ‘కాబట్టి’కీ ముందున్నది వెనకున్నదాన్ని నిజంగా మోస్తోందా అని చూడండి. ఈ వ్యాసంలో మూడున్నాయి. రెండో పేరాలోది మోస్తోంది, కొంచెమే అయినా. మూడో పేరాలోదీ అంతే. నాలుగో పేరా ‘కాబట్టి’ గాల్లో వేలాడుతోంది, ఎందుకంటే అంతకుముందు ప్రభుత్వం ఊసే లేదు. ‘అయినా’, ‘అయితే’ అనే మాటలు వ్యాసం మొత్తంలో ఒక్కసారి కూడా లేవు. వాదన బలహీనం అని మీకు తోచేచోట చాలాసార్లు లేనిది ఆ ‘అయినా’నే.

ఇప్పుడు ఆధారం. ‘గుంట తవ్విన తర్వాత ఉప్పగా అయినాయి’ అన్నాడు. కళ్లారా చూసింది, ఊరిది, ఇంటిది. గైడులో దొరకదు. అందుకే ఇక్కడ మార్కు దండిగా వేయాలి. కానీ ‘తర్వాత’ వేరు, ‘వల్ల’ వేరు. గుంటలోని ఉప్పునీరు ఇంకి పక్క బావిలోకి దిగడం నిజంగా జరిగేదే. అలాగే తీరంలో బోర్లు ఎక్కువై మంచినీళ్లు అతిగా తోడేస్తే భూమి లోపల సముద్రపు నీళ్లు ముందుకొస్తాయి, అప్పుడు గుంట లేకపోయినా బావి ఉప్పవుతుంది. పిల్లవాడు ఈ రెంటినీ విడదీయాలని నేను అనుకోను. కానీ విడదీయాల్సింది ఒకటుందని వాడికి తెలియాలి. అది చెప్పడానికి పెద్ద మాటలక్కర్లేదు, గుంటకు దూరంగా ఉన్న బావి ఎలా ఉందిరా అని అడిగితే చాలు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. మా బావమరిదికి కొత్తపట్నం వైపు గుంటలున్నాయి, పండగలకు ఆ ఇంటి రొయ్యలే తింటాను. మరోవైపు, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలో రొయ్యల సాగు మీద తీర్పిస్తూ పంటభూముల్ని రొయ్యల గుంటలుగా మార్చకూడదని చెప్పిందని నాకు తెలుసు. ఈ రెండూ నా తలలో ఉన్నాయి, పిల్లవాడి కాగితం మీద లేవు. వాడు నా పక్షం కాదని మార్కు కోయకూడదు, నాకు తెలిసిన తీర్పు వాడు రాయలేదనీ కోయకూడదు. తొమ్మిదో తరగతి వ్యాసంలో మనం చూడాల్సింది వాడు చెప్పినదానికి వాడిచ్చిన కారణం సరిపోయిందా అన్నదే.

మూడో పేరాలో ఒక మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ‘ఆ నీళ్లు పంటకు పనికిరావు.’ పంటకా, వంటకా? ప, వ లకు తేడా తలకట్టు అంటుకుందా, విడిగా ఉందా అన్నదే కదా. ఫోటోలో ఆ వరుస మీద నీడ. పంట అయితే పెదనాయన కయ్య ఎండిన సంగతి, నష్టం పొలానికి. వంట అయితే ఇంటి సంగతి, ఆ వెంటనే పెద్దమ్మ నీళ్ల డబ్బాలు కొనడం అతుకుతుంది. పంట అని చదివితే డబ్బాల వాక్యం ఊడిపడ్డట్టుంటుంది, నేనేమో ‘వాక్యాల మధ్య పొందిక లేదు’ అని రాసేస్తాను. ఫోటో పెద్దది చేసి, అదే వ్యాసంలో అనుమానం లేని మాటలు చూశాను. ‘పక్క’లో తలకట్టు విడిగా నిలబడింది, ‘తవ్విన’ మాట మనకు పనికిరాదు, గుడి ఉంది. మొదటి పేరాలో ‘వరి’లో అంటుకుంది. ఈ మాటలో అటూ ఇటూ కాకుండా ఉంది. వాణ్నే అడిగాను. ‘వంట సార్’ అని వాయిస్ మెసేజ్ పెట్టాడు, వెనకాల గేదె అరుస్తోంది. పొందిక పిల్లవాడి దగ్గర ఉంది, పోగొట్టింది ఫోటో.

ఇక మార్కులు. వాదన 3: కారణాలు రెండున్నాయి, కానీ ఒకటి అటు లాగింది, ఒకటి ఇటు లాగింది, పక్షం మూడో పేరా చివర దొరికింది. ఆధారాలు 4: రెండూ ప్రత్యక్షం, వివరం ఉంది, ఏరియేటర్ల వాక్యం చూడండి, అది రాయాలంటే ఆ గుంటగట్టు మీద పడుకుని ఉండాలి. ఒకటి కోసింది ‘తర్వాత’ను ‘వల్ల’గా తీసుకున్నందుకు. నిర్మాణం 3: ఒక్కో పేరాలో ఒక్క విషయమే ఉంది, అది తక్కువేం కాదు. రెండు, మూడు పేరాల మధ్య వంతెన లేనందుకు ఒకటి, ముగింపు వ్యాసంలోంచి పుట్టనందుకు ఒకటి కోశాను. మొదటి పేరాలో పక్షం లేనందుకు ఇక్కడ కోయలేదు, దానికి వాదనలో కోసేశాను. ఒకే తప్పుకు రెండుచోట్ల కోయడం మనందరికీ అలవాటు, దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. భాష 3. మొత్తం 13. నా తొలిచూపు 9 కదా, ఆ నాలుగు మార్కులూ నీడవి, కోడిగీతలవి.

భాష దగ్గర ఒక్క మాట. నాయన, గుంట, కయ్య, ఇవి తప్పులు కావు. వాటిని నాన్న, చెరువు, మడి అని దిద్దే టీచర్లు ఉన్నారు, నాకు వాళ్లతో ఎప్పుడూ పేచీనే. ‘అయినాయి’ లాంటి క్రియల్ని పక్కన ఒకసారి రాసి చూపిస్తాను, మార్కు కోయను. నేను కోసిన ఒక్కటీ ఒత్తులకు.

దీని పక్కనే ఇంకో వ్యాసం ఉంది. ముత్యాల్లాంటి రాత, స్కానర్‌లో తీసినట్టున్న ఫోటో, ఉపశీర్షికలకు ఎర్ర స్కెచ్‌తో గీతలు. తొలిచూపు 16. లోపల నీలి విప్లవం, విదేశీ మారకద్రవ్యం, పర్యావరణ సమతుల్యత. ఏ పక్షమో లేదు. ఊరి మాట ఒక్కటీ లేదు. వాదన 1, ఆధారాలు 1, నిర్మాణం 4, భాష 4, మొత్తం 10. ఆ అమ్మాయి ఏడ్చింది, వాళ్లమ్మ ఫోన్ చేసింది. రూబ్రిక్ ముందే తరగతికి చదివి వినిపించి ఉండటం వల్ల నేను నిలబడగలిగాను. మీరు వ్యాసం ఇచ్చే రోజే రూబ్రిక్ కూడా పంపారా లేదా చూసుకోండి. పంపకపోతే ఈసారికి పక్షం చెప్పలేదన్నదాని మీద మరీ కఠినంగా ఉండకండి, అడగని దానికి మార్కు కోసినట్టవుతుంది.

ఇక మీరు అసలు అడిగింది, ఏం రాయాలి అని. ఫోటో మీద ఎర్రగీతలు గీసి తిరిగి పంపకండి, ఫోన్లో ఎవరూ పెద్దది చేసి చూడరు. చోటు చెప్పి, ఒక మంచి, ఒక లోపం, ఒక పని రాయండి. అంతకు మించితే పిల్లవాడు ఏదీ చేయడు. ఈ పిల్లవాడికి నేను పంపింది ఇది:

“మొదటి ఫోటో రెండో పేరాలో ఏరియేటర్ ఆగితే నాయన లేవడం రాశావే, ఆ వాక్యం చదివి నేను గుంట చూసినట్టే అయింది. రెండో పేరాలో సాగు మంచిదన్నావు, మూడో పేరాలో తగ్గాలన్నావు. రెండూ నిజమే కావచ్చు, కానీ నాయన జీతం, పెదనాయన బావి రెండూ ఎదురెదురుగా వచ్చినప్పుడు నువ్వు ఏమంటావో నాకు తెలియలేదు. మూడో పేరా ఒక్కటే మళ్లీ రాసి పంపు. రాసే ముందు పెదనాయన్ను రెండు ప్రశ్నలు అడుగు. గుంట తవ్వక ముందు ఎండాకాలంలో ఆ బావి నీళ్లు ఎలా ఉండేవి? గుంటలకు దూరంగా ఉన్న బావి ఇప్పుడు ఎలా ఉంది?”

చూడండి, ఇందులో ‘వాదన’, ‘నిర్మాణం’ అనే మాటలే లేవు. ఆ మాటలు మన రూబ్రిక్ కోసం. పిల్లవాడికి వాడి నాయన, వాడి బావి చాలు. ‘వాదనలో స్పష్టత పెంచుకో’ అని రాస్తే వాడు మొదటి పేరాలో ఇంకో సూక్తి చేరుస్తాడు.

ఈ మెసేజ్‌లో మార్కు కూడా లేదు. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ బడి పిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటి ప్రచురించింది. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగయ్యారు, వ్యాఖ్యతోపాటు మార్కు కూడా అందుకున్నవాళ్లు అలా మెరుగవలేదు. మార్కు కనబడ్డాక వ్యాఖ్య ఎవరు చదువుతారు? నేను మార్కు మూడు రోజులాగి, మళ్లీ రాసిన పేరా వచ్చాక చెబుతాను. 38 మందికీ ఇంత పొడుగు మెసేజ్‌లు రాయలేరు, నాకూ చేతకాదు. లోపాలు అయిదారు రకాలే ఉంటాయి, పక్షం లేనివి, పక్షం మారినవి, వంతెన లేనివి ఇలా. మధ్యలోని మాట ఒకటే పెట్టుకుని, చోటు, ప్రశ్న మాత్రం ఎవరిది వాళ్లకు మార్చండి. ప్రశ్న మార్చకుండా అందరికీ ఒకటే పంపితే పిల్లలు సాయంత్రానికల్లా పోల్చి చూసుకుంటారు, మీ పని అయిపోయినట్టే.

మళ్లీ రాసిన పేరా నాలుగో రోజు వచ్చింది:

“మా పెదనాయన బావి గుంట పక్కనే ఉంది. గుంట తవ్వక ముందు కూడా ఎండాకాలంలో నీళ్లు కొంచెం ఉప్పగా ఉండేవంట, కానీ తాగేవాళ్లం. తవ్విన రెండో ఏడుకి నోట పెట్టలేకపోయాం, వంటకు కూడా పనికిరాలేదు. ఊరి నడిమి బావి గుంటలకు దూరం. అది కూడా కొంచెం ఉప్పయింది, అక్కడ బోర్లు ఎక్కువ. అందుకని గుంట ఒక్కటే కారణం అని నేను చెప్పలేను. అయినా గుంట పక్క బావే ముందు చెడింది, ఎక్కువ చెడింది. మా నాయన జీతం గుంట మీదే వస్తుంది. ఆ జీతంలోనే పెదనాయన ఇంటికి కూడా నీళ్ల డబ్బాలు కొంటున్నాం. గుంటలు వద్దు అనను, బావుల పక్కన వద్దు అంటాను.”

‘అయినా’ వచ్చింది. పక్షం వచ్చింది, అదీ అడిగిన ‘పెరగాలా, తగ్గాలా’ రెండింట్లో ఇమడనిది. మొదటి వ్యాసం మార్కు మార్చలేదు, ఈ పేరాకు విడిగా వాదనలో 5 వేసి రిజిస్టరులో పక్కన రాసుకున్నాను. ఆరో మార్కు ఎందుకు వేయలేదంటే బావులకు దూరంగా అంటే ఎంత దూరం, ఆ చోటు వాళ్ల ఊళ్లో ఉందా అని వాడు ఆలోచించలేదు. రాత మాత్రం అదే రాత. ఫోటో మూలలో ఎవరిదో కాలివేలు. ‘వంటకు’ అన్నచోట వ తలకట్టును రెండుసార్లు దిద్ది, కింద చిన్నగా రాశాడు: ‘ఇది వ సార్’.